మాక్‌బెత్ స్వగతాన్ని విడి కవితగా చదవొచ్చా?

సింధు_ఎంఏ: షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ మొదటి అంకం ఏడో సీన్‌లో, రాజు డంకన్‌ని చంపాలా వద్దా అని మాక్‌బెత్ ఒంటరిగా మాట్లాడే 28 పంక్తుల్ని నాటకంతో పనిలేకుండా కవితలా విశ్లేషించమన్నారు మా క్లాసులో. ఇలా కోసి చదవడం న్యాయమేనా? చదివితే ఎక్కడ మొదలుపెట్టాలి?

తెరవెనక: నా మటుకు న్యాయం కాదు. ఆ సీన్ ఎలా మొదలవుతుందో చూడండి. వాయిద్యాలు, కాగడాలు, వంటకాలు పట్టుకుని స్టేజీ దాటిపోయే పనివాళ్లు. లోపల రాజు భోంచేస్తున్నాడు. పిలిచి భోజనం పెడుతున్నవాడు మధ్యలో లేచి వచ్చేశాడు, కాసేపట్లో భార్య వచ్చి ఎందుకు లేచొచ్చావని నిలదీస్తుంది. వినేవాళ్లకి ఉండే టెన్షన్ సగం అదే. అది తీసేసి పంక్తులు మాత్రం కాగితం మీద పెడితే, దొరికేది మంచి ఇంగ్లీషు తప్ప ప్రమాదంలో ఉన్న మనిషి కాదు.

పద్యాలరావు: మా ఊళ్లో నాటకం చూడనివాళ్లు కూడా రాయబారం పద్యాలు పాడతారండీ. నేనూ పాడతాను. ‘చెల్లియో చెల్లకో’ ఎత్తుకుంటే ముందూ వెనకా కథ ఎవరికి కావాలి? మంచి రాగం పెట్టి పాడండి, అదే విశ్లేషణ.

పాత సంచికలు: పద్యాలరావు గారూ, మీరు చెప్పేది పాడుకోవడం గురించి, సింధు గారు అడిగింది వేరు. ఆ రాయబారం పద్యం ఎదురుగా ఉన్న సభకి చెప్పేది. దాని వాదన ముందే తేలిపోయింది, ఇక ఒప్పించడమే మిగిలింది. ఇక్కడ మాక్‌బెత్‌కి తను ఏం అనబోతున్నాడో తనకే తెలియదు. అందుకే దీన్ని నెమ్మదిగా, వాక్యం వాక్యంగా చదవాలి.

సింధు గారూ, మొదలుపెట్టే చోటు చెబుతాను. వాక్యం నిజంగా ముగిసిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి. ఇప్పటి ప్రతుల్లో సాధారణంగా 7, 10, 12, 16, 25 పంక్తుల్లో గీతలు పడతాయి. అన్నీ పంక్తి మధ్యలోనే. ఒక ఆలోచన ముగియగానే అదే పంక్తి మిగతా సగంలో ఇంకోటి దూరుతుంది. ప్రాస లేని, పదేసి అక్షరాల నడక ఇది. నడక ముందుకి తోస్తూనే ఉంటుంది కాబట్టి, ముగిసిన మాట దగ్గర మనిషికి నిలబడే వీలుండదు.

ఏడో పంక్తినే తీసుకోండి. మొదటి ఆరు పంక్తుల్లో అతను కట్టిందంతా ఒక ‘అయితే’ మీద నిలబడింది: అయిపోయాక నిజంగా అయిపోయేదే అయితే, త్వరగా అయిపోవడమే మంచిది, ఈ ఒక్క దెబ్బతో పర్యవసానాలన్నీ ఇక్కడే చిక్కి ఆగిపోతాయంటే, పరలోకాన్ని పణంగా పెట్టేస్తాం. ఏడో పంక్తి సగంలో ఆ కల పూర్తయింది. మిగిలిన సగంలో ‘కానీ’ వచ్చింది. కలా, దానికి జవాబూ ఒకే పంక్తిలో.

ఇక ‘ఇక్కడ’ అనే మాట వెంట వెళ్లండి. 5, 6 పంక్తుల్లో అది అతనికి ధైర్యం: ఇక్కడితో అయిపోతే చాలు. 8వ పంక్తిలో తీర్పు ‘ఇక్కడే’ ఉంటుందంటాడు, అంటే ధైర్యం ఇచ్చిన మాటే భయపెడుతోంది. 12వ పంక్తిలో ‘అతను ఇక్కడ ఉన్నాడు’ అంటాడు. అప్పటిదాకా లోకమంతా అయిన ‘ఇక్కడ’ ఒక్కసారిగా ఆ ఇల్లయిపోయింది, పక్కగదిలో భోంచేస్తున్న మనిషి కనబడ్డాడు. తెరవెనక గారు వెతుకుతున్న భోజనాల గది ఈ పంక్తిలోనే ఉంది.

రమణ_టీచర్: ఇదంతా అతని మనస్సాక్షి అండీ. మొదటి మాట నుంచీ పాపభయమే మాట్లాడుతోంది. అసలు ఎంత తికమకలో ఉన్నాడంటే, ‘రెండు విధాల నమ్మకం’ అని చెప్పి మూడు లెక్కపెట్టాడు: బంధువు, ప్రజ, ఆతిథ్యమిచ్చేవాడు.

పాత సంచికలు: మనస్సాక్షి ఉంది, మొదటి మాట నుంచీ మాత్రం లేదు. పన్నెండు పంక్తుల దాకా అతను వేసేది లెక్క: మనం రక్తపాతం నేర్పితే అది తిరిగి మన మీదికే వస్తుంది, మనం కలిపిన విషం మన పెదవులకే అందుతుంది. దొరికిపోతామన్న భయం ఇది. పరలోకాన్ని వదులుకుంటానన్నవాడిది పాపభయం ఎలా అవుతుంది? ఇంకోటి చూడండి, అప్పటిదాకా ‘మనం’ తప్ప ‘నేను’ లేదు. 13వ పంక్తిలో ‘నేను అతని బంధువుని’ అన్నప్పుడు మొదటిసారి ‘నేను’ వచ్చింది. మీరన్న మనస్సాక్షి అక్కడ గొంతు విప్పుతుంది.

ఆ మూడింటి సంగతి: ‘మొదట’ అని బంధువునీ ప్రజనీ కలిపాడు, ‘తర్వాత’ అని ఆతిథ్యం చెప్పాడు. లెక్క సరిపోయింది. తికమక ఆ తర్వాత ఉంది. ‘అతని హంతకుడు రాకుండా తలుపు మూయాల్సినవాణ్ని’ అంటాడు. అంటే హంతకుడు ఇంకెవరో, తను తలుపు దగ్గర కాపలా మనిషి. మరుసటి పంక్తిలో కత్తి ‘నేనే’ పట్టకూడదు అంటాడు. హంతకుడూ కాపలావాడూ ఒకడేనని వాక్యం చివర్లో తేలింది.

అక్కణ్ణించి వాదన అదుపు తప్పుతుంది. 16 నుంచి 25 దాకా ఒకే వాక్యం, అన్నిటికన్నా పొడవైనది. బాకా గొంతుల దేవదూతలు, గాలివాన మీద స్వారీ చేసే పసికందు, కన్నీళ్లలో మునిగిపోయే గాలి. కారణాలు చెప్పడం మానేసి దృశ్యాలు చూస్తున్నాడు.

తెరవెనక: ఆ పసికందు దగ్గరే మీ కవిత ఆగిపోతుంది. 1947లో క్లీన్త్ బ్రూక్స్ ఆ పసికందు మీద పేరున్న వ్యాసం రాశాడు కదా. నాటకాన్ని కవితలా చదివే పద్ధతిలో పెద్దమనిషి ఆయన. ఆయనకి కూడా అర్థం చెప్పడానికి నాటకమంతటా ఉన్న పిల్లల్ని పోగుచేయాల్సి వచ్చింది. 28 పంక్తులు చాలలేదు.

అంతకన్నా పెద్ద సాక్ష్యం, భార్య రాగానే ‘ఈ పనిలో ఇక ముందుకెళ్లం’ అంటూ ఏం కారణం చెబుతాడో చూడండి. రాజు ఈమధ్యే గౌరవించాడు, జనం మెచ్చుకుంటున్నారు, ఆ కొత్త మెరుపు అప్పుడే పారేయకూడదు, అంతే. బంధుత్వం, ఆతిథ్యం, దేవదూతలు, ఒక్కటీ నోటికి రాలేదు. సుమారు యాభై పంక్తుల్లో ‘నిశ్చయించుకున్నాను’ అనేస్తాడు. స్వగతాన్ని విడిగా చదివినవాడికి ఈ దాచుకోవడం ఎలా తెలుస్తుంది?

పాత సంచికలు: తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ఏం దాచుకున్నాడో తెలియాలంటే ముందు ఆ 28 పంక్తుల్ని ఇంత దగ్గరగా చదివి ఉండాలి. స్టేజీ మీద రెండు నిమిషాల్లో దాటిపోయే మాటలివి.

సింధు_ఎంఏ: థాంక్స్ అండీ ఇద్దరికీ. ఒక డౌటు. చివర్లో తన దగ్గర ఉన్నది ఎగిరి దూకే ఆశ ఒక్కటే, అది అవతల పడుతుందని అంటూ ఉండగా భార్య వస్తుంది. నా పుస్తకంలో అక్కడ డ్యాష్ ఉంది. మాట తెగిందనా?

పాత సంచికలు: ఈ నాటకం మొదటిసారి అచ్చయిన 1623 ఫోలియోలో అక్కడ ఫుల్‌స్టాప్ ఉంది. డ్యాష్ తర్వాతి సంపాదకులది. ‘అవతలి వైపు’ అని పూరించాలనుకున్నవాళ్లూ ఉన్నారు. నా చెవికి అది తెగిన మాటే, ఎందుకంటే పంక్తి కూడా సగమే. మిగతా సగం నిండేది భార్యని చూసి ‘ఏంటి సంగతి?’ అన్నప్పుడు.

తెరవెనక: నేనైతే ఫుల్‌స్టాప్‌నే నమ్ముతాను. మాట్లాడటానికి ఇంకేమీ మిగల్లేదు అతనికి. మా రిహార్సల్లో నటుడు అక్కడ ఆగి, తలుపు చప్పుడుకి ఉలిక్కిపడతాడు. ఇకపోతే, ఆ సగం పంక్తి భార్య రాకతోనే నిండుతుందని మీరే అన్నారుగా. మరి మీ కవితని ఎక్కడ కత్తిరిస్తారు, ఆమె వచ్చేముందా, వచ్చాకా?