కాలువ గట్టు చేమాకు ఫోటో: ఇది ఇంటి చేమేనా?

అమలాపురం_అబ్బాయి:
నమస్కారమండి. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మ ఊళ్ళో ఉంటుంది. మా ఇల్లు కాలువ గట్టుకి ఆనుకునే ఉంటుంది. పొద్దున్న వాట్సాప్‌లో ఫోటో పెట్టి "గట్టు మీద చేమాకులు ఏపుగా వచ్చాయి, సాయంత్రం బజ్జీలు వేస్తాను" అంది. కోసిన ఆకు ఒక్కటి కుర్చీ మీద పెట్టి, పైనుంచి తీసిన ఫోటో అది. మా పెరటి చేమ కంటే మెరుపు ఎక్కువగా కనిపించింది. నాకు టెన్షన్ పట్టుకుని వండొద్దని ఆపాను. ఫోటో కింద పెట్టాను, చూసి చెప్పగలరా?

లంకరైతు:
ఆయ్, దీనికంత ఆలోచన ఎందుకండీ. ఆకు మీద నాలుగు చుక్కల నీళ్ళు పోయించండి. ముత్యాల్లా దొర్లి పోతే చేమ, పరుచుకుంటే వేరేది. మా నాన్న అలాగే చూసేవాడు, మేమూ అంతే. ఇక చింతపండు బాగా వేసి ఉడికిస్తే ఏ చేమైనా దురద పోతుంది.

బోటనీ_మాష్టారు:
లంకరైతు గారు చెప్పిన నీటి గుర్తు నిజమే. చేమాకు మీద మైనం లాంటి పొర ఉంటుంది, అందుకే తామరాకు మీదలాగే బొట్టు నిలవకుండా దొర్లుతుంది. కానీ ఆకు ముదిరి దుమ్ము పట్టి ఉంటే అసలైన చేమ మీద కూడా నీరు పరుచుకుంటుంది. పెద్దాకు చేమ అని కొందరు పెరట్లో అందానికి పెంచుతారే, ఆ నిగనిగలాడే ఆకు మీద కూడా నీరు జారిపోతుంది. దాన్ని మా పుస్తకాల్లో అలోకేసియా అంటాం. పెరడు శుభ్రం చేసినప్పుడు దాని పిలకలు గట్టు మీద పారేస్తే అక్కడే పాతుకుంటాయి.

బాబూ, మీరు పెట్టిన ఫోటో చూసి నేను ఏమీ చెప్పలేను. చూడాల్సిన చోటు ఆకు వెనకాల ఉంది, అది ఇందులో లేదు. మూడు ఫోటోలు పెట్టించండి. ఒకటి, ఆకు తిప్పి కాడ ఎక్కడ అతికిందో దగ్గరగా. రెండు, మొక్క మొత్తం, నేల దగ్గర నుంచి, పక్కన అమ్మగారు నిలబడి. మూడు, ఆకు కోయకముందు చెట్టు మీద ఎటు వాలి ఉందో. కోసి కుర్చీ మీద పెడితే ఆ వాలు పోతుంది. ఆకు విరిస్తే కారే నీరు చర్మానికి తగలకుండా చూసుకోమనండి.

కోటిపల్లి_కోడలు:
అయ్యో, మా ఇంట్లోనూ ఇదే గొడవండి. కంద చెక్కేటప్పుడు నా చేతులు ఎర్రగా కందిపోతాయి. అత్తగారు కొబ్బరినూనె రాసుకోమంటారు. చేమాకుకి కూడా అదే పని చేస్తుందా?

బోటనీ_మాష్టారు:
నూనె రాసుకుంటే చర్మానికి కొంత ఆసరా అమ్మా. మీరు అడిగింది చేతుల దురద, ఇక్కడ భయం గొంతుది. కందలోనూ చేమలోనూ ఉండేవి కంటికి కనపడని సన్నని సూదులు, సున్నం జాతి పదార్థంతో కట్టిన స్ఫటికాలు. నమిలితే నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి, అక్కడే వాపు వస్తుంది. ఉడకబెట్టినంత మాత్రాన అవి కరిగిపోవు. ఇంటి చేమలో మొదటే తక్కువ కాబట్టి పులుపు, ఉడుకు కలిసి మనకి సరిపోతాయి. అడవి రకానికి అదే లెక్క వర్తించదు.

అమలాపురం_అబ్బాయి:
మాష్టారూ, ఫోటోలు వచ్చాయి, పెట్టాను. ఆకు వెనక వైపు చూస్తే రెండు చెవుల మధ్య చీలిక తిన్నగా కాడ దాకా వచ్చింది. మొక్క అమ్మ నడుం దాటి ఉంది, అడుగున మోకాలెత్తు మొద్దు లాంటి కాండం. ఆకుల కొసలు ఆకాశం వైపు ఉన్నాయి.

బోటనీ_మాష్టారు:
అయితే తినొద్దు. ఇది మన చేమ కాదు.

చేమాకులో కాడ అంచున అతకదు. గొడుగుకి కర్ర ఉన్నట్టు, చీలికకి కొంచెం లోపలగా ఆకు వీపు మీద అతుకుతుంది, ఆకు కొస నేల వైపు వేలాడుతుంది. మీ ఫోటోలో చీలిక కాడ దగ్గర ఆగింది, కొసలు పైకి ఉన్నాయి, కాండం మొద్దు నేల మీదికి లేచింది. మూడూ ఒకే వైపు చెబుతున్నాయి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. కాడ అంచున అతికితే వద్దనడానికి ఆ ఒక్క గుర్తు చాలు. లోపలగా అతికితే తినొచ్చనడానికి అది చాలదు. అలోకేసియా లేత మొక్కలకి కాడ లోపలే అతుకుతుంది, పెద్దయ్యాకే అంచుకి జరుగుతుంది. పెద్దయినా లోపలే ఉండే రకాలు కూడా ఉన్నాయి.

లంకరైతు:
సరేనండి మాష్టారూ, మూడు గుర్తులూ కుదిరితే? మా డ్రైన్ పక్కన నిజమైన చేమే ఉంది, కాడ లోపలే, నీరూ దొర్లుతుంది. తీగల్లా పిలకలు వేస్తూ బాగా పాకుతుంది.

బోటనీ_మాష్టారు:
అలా తీగలు పాకించేది చేమే, కానీ అడవి చేమ. దుంప చిన్నది, దురద ఎక్కువ. పేరు సరిగ్గా గుర్తించినా కూరకి పనికొస్తుందని కాదు. పైగా డ్రైన్‌లోకి చేల మందు నీళ్ళు వస్తాయి. నేనైతే కోయను.

లంకరైతు:
మా అమ్మమ్మ వరద ఏడు అదే ఆకు రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పాత చింతపండుతో పులుసు పెట్టేది. అందరం తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. దానికేమంటారు?

బోటనీ_మాష్టారు:
ఆవిడకి ఏ గుంట ఆకు మంచిదో ఏళ్ళ తరబడి తెలుసు. ఆ మొక్కని చూడకుండా నేను కాదనను, అవుననను.

రేవు_నర్సమ్మ:
నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని చేసేదాన్ని. అక్కడికి ఆరేళ్ళ పాపని తెచ్చారు, ఆటలో ఇలాంటి మొద్దాకు కాడ కొరికింది. క్షణాల్లో ఏడుపు, చొంగ ఆగలేదు, పెదాలు ఉబ్బాయి. గొంతు బొంగురు పోయేసరికి డాక్టరుగారు రాత్రంతా దగ్గర పెట్టుకుని చూశారు. వాళ్ళ నాయనమ్మ ముందే పసుపు నీళ్ళు తాగించి వాంతి చేయించబోయింది. అలా చేయకండి, వచ్చే దారిలో మళ్ళీ గుచ్చుకుంటాయి. నోరు కడిగించి, ఉమ్మించి, చల్లని పాలో మజ్జిగో గుక్కలు గుక్కలుగా పట్టాలి. మింగలేకపోయినా, గొంతు మారినా, ఊపిరి బరువెక్కినా ఏమీ పట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే పావుగంట మంచి నీళ్ళు పోస్తూనే ఉండి, తర్వాత కంటి డాక్టరుకి చూపించాలి.

కొబ్బరితోట:
నాలుక చివర కొంచెం పెట్టి చూసి, మండకపోతే వండుకుంటే సరిపోదా? మా స్నేహితులు అలాగే చేస్తారు.

రేవు_నర్సమ్మ:
వద్దు తమ్ముడూ. ఒక ఆకులో ఒక చోట తక్కువ ఉండొచ్చు, ఇంకో చోట ఎక్కువ ఉండొచ్చు. నాలుక చివర మండలేదని గొంతుకి భరోసా లేదు.

అమలాపురం_అబ్బాయి:
అమ్మకి చెప్పాను. ఆకులు కవర్లో కట్టి పారేసింది, చేతులు సబ్బుతో కడుక్కుంది, అరచేతులు కాస్త గోకుతున్నాయంది. బజ్జీలకి పెరటి చేమే కోసింది, ఏళ్ళుగా తింటున్నదే. ఇంకో సంగతండి, గట్టు మీద ఆ పెద్ద మొక్క పక్కనే జానెడు మొక్కలు పది దాకా ఉన్నాయట, కాడ లోపలే అతికి ఉంది. అవి దాని పిలకలా, మామూలు చేమా?

బోటనీ_మాష్టారు:
జానెడప్పుడు ఫోటోలో తేల్చలేం. ఒకదాన్ని తవ్వి వేరు చూస్తే పెద్ద మొద్దు నుంచి వచ్చిందో, విడిగా మొలిచిందో తెలియవచ్చు. అలా తవ్వాలంటే చేతికి తొడుగు వేసుకోమనండి. లేదంటే నడుమెత్తు పెరిగే దాకా వదిలేయండి, అప్పుడు కాడ ఎక్కడ అతికిందో మళ్ళీ ఫోటో పెట్టండి.