ప్రొఫైల్లో పేరు, రెండు ఫోటోలు తప్ప ఏమీ లేదు. మొదటి మెసేజ్ ఏం పెట్టాలి?

గుణుపురం కుర్రాడు
అందరికీ నమస్తే. టిండర్‌లో నిన్న రాత్రి ఒకమ్మాయితో మ్యాచ్ అయింది. ప్రొఫైల్లో పేరు, వయసు 26, దూరం 43 కిలోమీటర్లు. తన గురించి రాసుకునే చోట ఒక్క చుక్క పెట్టి వదిలేసింది. చదువు, ఉద్యోగం, ఇష్టాలు ఏవీ లేవు. ఫోటోలు రెండే. ఒకదాన్లో రైలు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది, ముఖం సగమే కనపడుతుంది. రెండోది కొండ మీద నిలబడితే వెనకనుంచి తీసింది. పేరు తెలుగువాళ్లలోనూ ఉంటుంది, ఒడియావాళ్లలోనూ ఉంటుంది.

ఇలా రాసుకున్నాను, ఇంకా పంపలేదు: “హాయ్ అండీ, ప్రొఫైల్లో ఏమీ రాయలేదేంటి? మీదే ఊరు? ఏం చేస్తుంటారు?” పంపేయనా?

రాయగడ మెకానిక్
తమ్ముడూ, ఖాళీ ప్రొఫైల్ అంటే సగానికి సగం ఫేకే. ముందు ఆ ఫోటో స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతుకు. వేరే పేరుతో ఇంకెక్కడైనా కనపడితే వదిలెయ్. మాట మొదలెట్టకముందే ఈ పని చెయ్యాలి.

బరంపురం మాస్టారు
బాబూ, మా అమ్మాయికీ ఇలాగే ఒక సంబంధం వచ్చింది. వివరాల్లో పుట్టిన తేదీ తప్ప ఏమీ లేదు. నేను నేరుగా అబ్బాయి మేనమామకి ఫోన్ చేసి గోత్రం, నక్షత్రం, ఇంటి పేరు కనుక్కున్నాను. పెద్దవాళ్లు మాట్లాడితే అరగంటలో తేలిపోతుంది. వాళ్ల నాన్నగారి నంబరు సంపాదించండి.

గుణుపురం కుర్రాడు
మాస్టారూ, ఇది పెళ్లి సంబంధాల సైటు కాదండీ. ఇద్దరం ఒకరినొకరు ఇష్టపడితేనే చాట్ తెరుచుకునే యాప్. నాన్నగారి నంబరు దాకా ఇంకా చాలా దూరం ఉంది.

పర్లాకిమిడి అక్క
మెకానిక్ బాబూ, ఫోటో వెతకమన్నావు, మంచి మాటే. కానీ ఖాళీగా ఉంటే ఫేక్ అనేది పూర్తిగా నిజం కాదు. మోసం చేద్దామని పెట్టినవాళ్లు తరచూ ప్రొఫైల్ నిండా నింపుతారు, మంచి ఉద్యోగం, విదేశీ ప్రయాణాలు, తళతళలాడే ఫోటోలు. వాళ్లని పట్టించేది తర్వాతి నడక. రెండో మాటకే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మంటారు, వీడియో కాల్ అంటే ఏదో వంక చెబుతారు, లేదా వాళ్లే అర్ధరాత్రి వీడియో కాల్‌కి తొందరపెడతారు, తర్వాత పెట్టుబడి మాటో డబ్బు అవసరమో వస్తుంది. అలాంటిది జరిగి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. అది అక్కడితో ఆపి అసలు ప్రశ్నకి వద్దాం.

తమ్ముడూ, మన ఊళ్లలో అమ్మాయి ప్రొఫైల్ ఖాళీగా ఉందంటే ముందు రావాల్సిన ఆలోచన వేరు. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి ఎంత చిన్నవో నీకు తెలుసు. కాలేజీ పేరో ఆఫీసు పేరో రాస్తే చాలు, ఎవరి అమ్మాయో చెప్పేవాళ్లు బజార్లో పదిమంది ఉంటారు. ముఖం సగం కనిపించే ఫోటో, వెనకనుంచి తీసిన ఫోటో. ఎంచి పెట్టుకున్నట్టే ఉంది. బద్ధకంతో వదిలేసినదానిలా నాకు కనపడటం లేదు.

అందుకే నువ్వు రాసుకున్న మెసేజ్ పంపకు. మొదటి వాక్యం ఆమె జాగ్రత్తని తప్పుపడుతోంది. తర్వాతి రెండూ ఆమె కావాలని దాచుకున్నవే అడుగుతున్నాయి. నీకు అవి మర్యాద ప్రశ్నలు, అవతల ఆమెకి ఆచూకీ తీస్తున్నట్టుంటుంది.

జయపురం ఉద్యోగిని
అక్క చెప్పింది నా విషయంలో అక్షరాలా నిజం. నా ప్రొఫైల్ కూడా అంతే ఉంటుంది, మా ఆఫీసులోనే ఇద్దరు ఆ యాప్‌లో ఉన్నారని తెలిశాక అన్నీ తీసేశాను. “మీదే ఊరు” అని వస్తే నేను జవాబివ్వను. “ఎక్కడో చూసినట్టుంది మిమ్మల్ని” అంటే ఆ క్షణంలోనే అన్‌మ్యాచ్ చేస్తాను.

ఇంకో సంగతి. నేను ఇంట్లో తెలుగే మాట్లాడతాను, కానీ చదివింది ఒడియా మీడియం. తెలుగు లిపి కూడబలుక్కుని చదవాల్సిందే. ఇటు నాలాంటివాళ్లు చాలామంది. మొదటి మెసేజ్ తెలుగు అక్షరాల్లో పంపితే అది చదవలేక వదిలేసే అవకాశం ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయండి.

గుణుపురం కుర్రాడు
సరే, మరి ఊరు అడగకుండా భాష ఎలా తెలుస్తుంది? 43 కిలోమీటర్లంటే పర్లాకిమిడే అనుకుంటున్నాను. రైలు ఫోటోలో కిటికీ బయట ఏదో స్టేషన్ బోర్డు మూల కూడా కనపడుతోంది. పెద్దది చేసి చూస్తే పేరు తెలిసేలా ఉంది.

పర్లాకిమిడి అక్క
పెద్దది చెయ్యకు తమ్ముడూ. చేసినా ఆ మాట ఎత్తకు.

ఇక దూరం సంగతి. యాప్ చూపించేది తిన్నగా గీత గీసిన దూరం, బస్సు వెళ్లే దారి కాదు. గుణుపురం నుంచి అలా గీస్తే పర్లాకిమిడీ, రాయగడా రెండూ దాదాపు నలభై కిలోమీటర్ల పైచిలుకులోనే పడతాయి. ఒకటి ఆగ్నేయాన, ఒకటి పడమట. ఇంకొంచెం ముందుకెళ్తే పార్వతీపురం, పాలకొండ, అంటే ఆంధ్రా. పైగా ఆమె చివరిసారి యాప్ తెరిచినప్పుడు ఎక్కడుందో అదే చూపిస్తుంది. ప్రయాణంలో తెరిచి ఉండొచ్చు. కాబట్టి ఆ అంకెతో ఊరూ తేలదు, భాషా తేలదు.

ఉన్నదాంట్లో పట్టుకోదగ్గది ఒక్కటే, కిటికీ సీటు. ఫోటోలో కనిపిస్తోంది కానీ ఆమె ఎవరో చెప్పదు. ఎవరిని అడిగినా ఇబ్బంది లేని విషయం. ముందు నీ సంగతి ఒకటి చెప్పు, తర్వాత రెండు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న వెయ్యి. ఇలా:

“నమస్తే అండీ, నేను గుణుపురం. రైల్లో కిటికీ సీటు దొరికితే నేను నిద్రపోకుండా బయటే చూస్తూ కూర్చుంటాను. మీరు చూసే రకమా, పడుకునే రకమా?”

ఇందులో నీ ఊరు నువ్వే చెప్పేశావు. ఆమె చెప్పాల్సిన పని లేదు, చెప్పాలనుకుంటే దారి ఉంది. ఒక్క మాటతో జవాబివ్వొచ్చు. ఫోన్ పక్కన ఉన్న వదినో తమ్ముడో నోటిఫికేషన్ చూసినా ఆమెకి తలనొప్పి ఉండదు. మన ఇళ్లలో ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండదు కదా, ఆ ఆలోచన కూడా కావాలి.

రాయగడ మెకానిక్
అక్కా, అంత పొడుగెందుకు? ఉత్త “హాయ్” పెడితే చాలు. ఇష్టం ఉంటే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. నాకు హాయ్‌కే జవాబులొచ్చాయి.

జయపురం ఉద్యోగిని
అవతలివాళ్ల ప్రొఫైల్ నిండుగా ఉన్నప్పుడు హాయ్ నడుస్తుందేమో, వాళ్లే ఏదో మాట అందుకుంటారు. ఇక్కడ ఆమె దగ్గరా ఏమీ లేదు, మీ హాయ్‌లోనూ ఏమీ లేదు. ఎవరు మొదలెట్టాలి? నాకు అలాంటి హాయ్‌లు వరసగా ఉంటాయి, ఏది ఎవరిదో కూడా గుర్తుండదు. పొట్టిగా ఉండాలన్నారు, అది మాత్రం ఒప్పుకుంటాను. అక్క రాసినదానికన్నా పొడుగైతే నేను చదవను.

భాష గురించి అయితే, చివర “తెలుగులో రాశాను, ఒడియాలో రాయమన్నా రాస్తాను” అని చేర్చొచ్చు కదా?

పర్లాకిమిడి అక్క
చేర్చొచ్చు. నాకైతే రెండో మెసేజ్ దాకా ఆగడం మంచిదనిపిస్తుంది. మొదటి మెసేజ్‌లో రెండు విషయాలుంటే దేనికి జవాబివ్వాలో తెలీక దేనికీ ఇవ్వరు.

జయపురం ఉద్యోగిని
కానీ అక్కా, ఆమె ఒడియా అమ్మాయి అయితే మొదటిది అర్థమే కాదు, రెండోదాకా రాదు. నేనైతే చేరుస్తాను.

పర్లాకిమిడి అక్క
అదీ నిజమే. తమ్ముడూ, ఈ ఒక్కటి నువ్వే తేల్చుకో.

గుణుపురం కుర్రాడు (రెండు రోజుల తర్వాత)
ఒడియా మాట చేర్చి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనే పంపాను. నిన్న రాత్రి జవాబొచ్చింది: “పడుకునే రకం. తెలుగు పర్వాలేదు.” అంతే. ఇప్పుడు ఊరు అడగొచ్చా అక్కా? లేకపోతే ఏం రాయాలి? జవాబుకి జవాబు చెప్పడమే కష్టంగా ఉంది.

పర్లాకిమిడి అక్క
సంతోషం. ఊరు ఇప్పుడే వద్దు. ఆమె ఇచ్చిన మాట ఒకటుంది, పడుకునే రకం. దాన్నే పట్టుకో. “పడుకుని స్టేషన్ దాటిపోయిన రోజు ఉందా? మా మావయ్య నౌపడలో దిగాల్సినవాడు పలాసలో లేచాడు” అని రాయి. నీకు నిజంగా అలాంటి మావయ్య ఉంటేనే రాయి, లేకపోతే నిజంగా జరిగినది ఇంకోటి వెతుక్కో. కల్పించి రాస్తే పది రోజుల తర్వాత గుర్తుండదు.

ఆమె నీ గురించి ఏదైనా అడిగేదాకా ఆమె వివరాలు అడక్కు. ఆమె అడిగిందంటే, అదే ప్రశ్న నువ్వు తిరిగి అడగొచ్చు. ఉద్యోగం అడిగితే చెప్పి, “మీరు?” అను, చాలు. ఊరు కూడా అలాగే వస్తుంది.

రాయగడ మెకానిక్
ఒకవేళ ఈసారి జవాబు రాకపోతే? మళ్లీ పంపాలా, ఊరుకోవాలా? టిండర్‌లో గడువు లేదు కదా. బంబుల్‌లో అయితే మొదటి మెసేజ్ 24 గంటల్లో వెళ్లకపోతే మ్యాచే పోతుంది.

పర్లాకిమిడి అక్క
నాలుగైదు రోజులాగి ఒక్కసారి, అదీ కొత్త విషయంతో పంపొచ్చు. ప్రశ్నార్థకం గుర్తు ఒక్కటే పెట్టి పంపడం, “బిజీనా?” అనడం వద్దు. అవి లెక్క అడుగుతున్నట్టుంటాయి.

జయపురం ఉద్యోగిని
నేను అక్కడ ఒప్పుకోను. నాకు జవాబివ్వాలని ఉంటే వారమైనా ఇస్తాను. రెండోసారి వస్తే మంచి విషయమైనా సరే, ఒత్తిడి చేస్తున్నట్టే అనిపిస్తుంది.

బరంపురం మాస్టారు
ఇంత జాగ్రత్తగా మాట్లాడుకుంటున్నారని నాకు తెలీదు. మా అమ్మాయిని అడిగితే తను కూడా ఫోటో వెనకనుంచే పెట్టిందట. కారణం నేను అడగలేదు, తనే చెప్పింది, ఈ అమ్మాయి చెప్పినదే.

గుణుపురం కుర్రాడు
మావయ్య లేడు గానీ, మా చెల్లి పర్లాకిమిడిలో దిగాల్సింది టెక్కలిలో దిగి ఏడ్చింది. అది రాస్తున్నాను. జవాబు రాకపోతే మాత్రం రెండోసారి పంపాలా వద్దా అన్నది మీ ఇద్దరూ ఒక మాట మీదకొచ్చి చెప్పండి.

జయపురం ఉద్యోగిని
నా మాట మారదు. పంపొద్దు.

పర్లాకిమిడి అక్క
నాదీ మారదు. ఒక్కసారి పంపు.