విజిట్‌కో రకంగా వచ్చే బీపీ: సగటు చూసుకుంటే చాలదా?

గోదావరి గట్టు: మా నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల క్రితం పది నిమిషాల పాటు మాట తడబడి, దానంతటదే సర్దుకుంది. అప్పటినుంచి మూడు నెలలకొకసారి చూపిస్తున్నాం. గత నాలుగు విజిట్లలో బీపీ పై అంకె 128, 164, 134, 172 వచ్చింది. సగటు 150 దాటలేదు కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చా?

పాత కాపు: అది డాక్టరును చూసిన కంగారేనండీ. పట్టించుకోనక్కరలేదు.

సిస్టర్ 22: కంగారే కారణమైతే మిగతా రెండుసార్లు 128, 134 ఎందుకు వచ్చాయి? 148, 150, 152, 148 వచ్చినవారికీ సగటు అంతే, కానీ ఇద్దరూ ఒకటి కాదు. కాసేపటికే సర్దుకునే మినీ స్ట్రోక్ వచ్చినవారి రీడింగులను పరిశీలించి రాత్‌వెల్ అనే వైద్య పరిశోధకుడి బృందం 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది ఇదే: సగటుతో నిమిత్తం లేకుండా, విజిట్‌కూ విజిట్‌కూ మధ్య ఎగుడుదిగుళ్లు బాగా ఎక్కువగా ఉన్నవారికి పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించింది. అయితే నాలుగు రీడింగులతో తీర్పు చెప్పలేం. ముందు చెప్పండి, ఏ మాత్ర వాడుతున్నారు, 164, 172 వచ్చిన రోజుల్లో పొద్దున వేసుకున్నారా?

మామిడితోట: నాకూ పరగడుపున 110, మరోసారి 190 వస్తోంది. మెంతులు నానబెట్టుకుని తాగుతున్నాను.

సిస్టర్ 22: మీరు చెబుతున్నది షుగరండీ, ఇక్కడి మాట బీపీ గురించి.

గోదావరి గట్టు: అటెనొలాల్ వాడుతున్నారు. డైరీ తీసి చూస్తే 164 వచ్చిన రోజు పరగడుపు రక్తపరీక్ష ఉంది. ఏమీ తినకూడదన్నారని మాత్ర కూడా మానేసి, పరీక్ష అయ్యాక నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లారట.

సిస్టర్ 22: ఇది నేను తరచూ చూసే పొరపాటు. బీపీ మాత్రను మంచినీళ్లతో వేసుకుంటే సాధారణంగా ఆ పరీక్షకు అడ్డురాదు, అయినా ముందే అడిగి తెలుసుకోండి. అమ్లోడిపిన్ అనే మరో బీపీ మాత్ర ప్రభావం నెమ్మదిగా తగ్గుతుంది కనుక ఒక పూట తప్పినా వెంటనే ఇంత తేడా రాదు. అటెనొలాల్ అలా కాదు. బీపీ మందులను పోల్చి చూసిన ఆస్కాట్ పరిశోధనలోనూ అమ్లోడిపిన్ వాడినవారి కంటే అటెనొలాల్ వాడినవారిలో ఎగుడుదిగుళ్లు ఎక్కువ. అలాగని మీరే మాత్ర మార్చకండి, హఠాత్తుగా ఆపడం మరీ ప్రమాదం. డాక్టరునే అడగండి.

గోదావరి గట్టు: 172 వచ్చిన రోజు మాత్ర వేసుకున్నారు. కానీ ఆ వారమంతా మోకాలి నొప్పికి మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ వాడారు.

సిస్టర్ 22: ఆ నొప్పి మాత్రలు బీపీని పెంచగలవు. అదొక్కటే కారణమని మాత్రం అనలేను. ఆ రోజు మెట్లెక్కి వచ్చి కూర్చోగానే చూశారా, పట్టీ చొక్కా చేతి మీదే చుట్టారా?

పాత కాపు: మరి ఈ ఎగుడుదిగుళ్లు తగ్గిస్తే పక్షవాతం రాకుండా ఉంటుందా?

సిస్టర్ 22: అది ఇంకా తేలలేదు. గట్టిపడిన రక్తనాళాలకు ఇది గుర్తు మాత్రమేనా, లేక ఇదే హాని చేస్తుందా అన్నది వైద్యుల్లోనే వాదన.

గోదావరి గట్టు: రెండో అంతస్తుకు మెట్లెక్కే వెళ్లాం. ఎన్ని నిమిషాలు కూర్చోబెట్టి చూశారో నాన్నకు గుర్తులేదు.