ఒక్క జీతం ఇల్లు, ఎమర్జెన్సీ ఫండ్ ఎన్ని నెలలకు పెట్టుకోవాలి?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ, ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 38,000, ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే. అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు.

నెలకు మొత్తం 34,000 దాకా అవుతుంది కానీ జీతం ఆగినా తప్పనివి వేరుగా రాసి చూశాను. కిరాయి 8,500, బియ్యం, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 9,000, కరెంటు, ఫోన్, పెట్రోల్ 2,500, అమ్మ బీపీ మందులు 1,500. పిల్లల ఫీజు ఏడాదికి 48,000, ఇన్సూరెన్స్ 18,000, వీటిని పన్నెండుతో భాగిస్తే నెలకు 5,500. అంతా కలిపి 27,000.

అందరూ ఆరు నెలలంటారు, అంటే 1,62,000. కానీ మా లైన్లో కొత్తవాళ్లను ఎక్కువగా జూన్‌లోనే తీసుకుంటారు, నవంబర్‌లో ఉద్యోగం పోతే జూన్ జీతం చేతికొచ్చేసరికి జూలై అవుతుంది, అంటే ఎనిమిది నెలలు, 2,16,000. అందుకే ఆరు సరిపోదని నాకు అనిపిస్తోంది.

నా డౌట్లు రెండు. మాకు మే నెల జీతం ఇవ్వరు, అది ప్రతి ఏడాదీ తెలిసిందే కాబట్టి ఆ 27,000 ఈ ఫండ్‌లోంచి తీయకుండా వేరుగా దాచుకోవాలా? ఇంకోటి, ఎఫ్‌డీలో 90,000 ఉంది, చిట్టీలో ఇప్పటిదాకా 60,000 కట్టాం, ఇంకా ఎత్తలేదు. మా ఆవిడ దాన్ని కూడా లెక్కలో వేయమంటోంది. అవసరం పడిన నెలలోనే పాట మనకు వస్తుందన్న గ్యారంటీ లేదు, వచ్చినా తర్వాత వాయిదాలు కట్టాల్సిందే, అందుకే నాకు ధైర్యం చాలట్లేదు. ఒక్క జీతంతో నడిపేవాళ్లు మీరైతే ఎలా లెక్కేస్తారో చెప్పండి.