అద్దె ఫ్లాట్‌లో పైనుంచి నీళ్లు పడి సామాను పోయింది, ఇన్సూరెన్స్‌కు లెటర్ ఎలా రాయాలి?

భవానీనగర్_బాడుగ
సంక్రాంతికి ఊరికి పోయి 16 పొద్దున తిరుపతి వచ్చి తలుపు తీస్తే హాల్లో మడమ దాకా నీళ్లు. పైఫ్లాట్‌లో వాష్ బేసిన్ కింద కనెక్షన్ పైపు పగిలింది, వాళ్లూ ఊళ్లో లేరు. పరుపు, టీవీ, పట్టుచీరలు, చెక్క బీరువా అన్నీ తడిశాయి. సామానుకు మాత్రమే 4 లక్షల పాలసీ ఉంది, భారత్ గృహ రక్ష. లెటర్, నష్టాల లిస్టు ఎలా రాయాలో చెప్పండి. తెలుగులో రాస్తే తీసుకుంటారా? ఒక డ్రాఫ్ట్ రాశాను, మొదటి లైను ఇది: "పై ఇంటి నుంచి లీకేజీ వల్ల మా సామాను పాడైనది."

పుత్తూరు_పిల్లోడు
2021 నవంబరు వానలకు మా గ్రౌండ్ ఫ్లోర్ మొత్తం మునిగింది. అప్పుడు పాలసీ లేదు, ఎవరూ పట్టించుకోలేదు. నీకు పాలసీ ఉంది, అదృష్టవంతుడివి.

సర్వేబ్యాగు
ఆ మొదటి లైను కొట్టేయ్ తమ్ముడూ. ఇన్సూరెన్స్ నష్టాలు చూసి లెక్కకట్టే సర్వేయర్ దగ్గర ఏడేళ్లు పని చేశాను, ఈ ఒక్క మాటతో ఎన్ని ఫైళ్లు ఇరుక్కున్నాయో చూశాను. పైపు పగిలి నీళ్లు పడితే పాలసీలో ఉంది. ఎప్పటినుంచో చెమ్మ, కారుడు అయితే అది అరుగుదల కింద పోతుంది, డబ్బు రాదు. లీకేజీ అని రాస్తే ఎప్పటినుంచి కారుతోంది అనే ప్రశ్న నువ్వే వాళ్ల చేతికి ఇచ్చినట్టు. జరిగింది జరిగినట్టు, తేదీ, టైముతో రాయి.

కొర్లగుంట_కామన్‌మ్యాన్
అవన్నీ మాటల గారడీ. ఏం రాసినా సగం కోస్తారు. మా టీవీకి నాలుగేళ్లు అయిందని తరుగుదల తీసి సగం కూడా ఇవ్వలేదు.

సర్వేబ్యాగు
మీది ఏ పాలసీ సార్? భారత్ గృహ రక్ష 2021 ఏప్రిల్ నుంచి వచ్చింది. అందులో సామాను మొత్తం పోతే అలాంటిదే కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు లెక్క. మరమ్మతు అయ్యేదానికి మరమ్మతు ఖర్చు. పాత పాలసీల లెక్క వేరు.

కొర్లగుంట_కామన్‌మ్యాన్
నాది 2019. అయినా మీలాంటి వాళ్లే కోసేది.

సర్వేబ్యాగు
మరి 2019 పాలసీ చూపించి 2021 పాలసీని తిడతారేంటి? తిట్టండి, కాని తేదీ చూసి తిట్టండి.

భవానీనగర్_బాడుగ
సార్, ఆ గొడవ తర్వాత. లైను మార్చాను, చూడండి:

"13 రాత్రి 10 గంటలకు ఇంటికి తాళం వేసి వెళ్లాము. అప్పుడు ఇల్లు పొడిగా ఉంది. 16 ఉదయం 7 గంటలకు తిరిగి వచ్చి చూడగా హాలు, పడకగది పైకప్పు నుంచి నీళ్లు పడుతున్నాయి. పై ఫ్లాట్‌లో వాష్ బేసిన్ కనెక్షన్ పైపు పగిలినట్టు ప్లంబర్ 16న పరిశీలించి తెలిపారు."

సర్వేబ్యాగు
ఇదీ లెటరంటే. 15 రాత్రి ట్యాంకు త్వరగా ఖాళీ అవుతోందని వాచ్‌మన్ ఎవరికైనా చెప్పాడా, కనుక్కో.

భవానీనగర్_బాడుగ
అవును సార్! మా అసోసియేషన్ గ్రూపులో 15 రాత్రి 11.20కి "మోటారు రెండోసారి వేశా, నీళ్లు నిలవడం లేదు" అని పెట్టాడు.

సర్వేబ్యాగు
బంగారం ఆ మెసేజ్. అంతకు ముందు బాగానే ఉండి 15న హఠాత్తుగా పగిలిందని చెప్పే సాక్ష్యం అదే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. పగిలిన పైపు ముక్క పారేయమని చెప్పొద్దు, ప్లంబర్ దగ్గరే అయినా దాయించు. ఏది పగిలింది, ఎక్కడ, ఎప్పుడు చూశాడో రాసి సంతకం పెట్టించు. బిల్లులో "పని చేసినందుకు 600" అని ఉంటే అది కూలి రసీదు మాత్రమే, సాక్ష్యం కాదు.

గృహిణి_చిత్తూరు
పరుపు వాసన వస్తోందని పారేయకండి. నేను గిరింపేటలో ఉన్నప్పుడు పారేసి మోసపోయా. సర్వేయర్ వచ్చి "ఏదమ్మా పరుపు" అన్నాడు, ఫోటో చూపిస్తే "ఇది మీదేనా" అన్నాడు.

సర్వేబ్యాగు
అక్క చెప్పింది నిజం. మరీ కుళ్లితే కంపెనీకి మెయిల్ పెట్టి, అన్ని వైపులా ఫోటోలు తీసి, లేబుల్ కత్తిరించి ఉంచుకుని అప్పుడు తీయొచ్చు.

భవానీనగర్_బాడుగ
లిస్టు వేశాను. పరుపు 14,000, బిల్లు ఉంది. టీవీ 43 అంగుళాలు 30,000, ఆన్‌లైన్ ఆర్డర్ ఉంది. చెక్క బీరువా 18,000, బిల్లు లేదు, కార్పెంటర్ చేశాడు. పట్టుచీరలు నాలుగు తడిశాయి, రెండింటికి డ్రై వాష్ 1,200, రెండింటికి రంగు పారిపోయింది, 16,000. మొత్తం 79,200. ఫాల్స్ సీలింగ్ కూడా ఊడింది, అది 22,000 వేయనా?

సర్వేబ్యాగు
వేయొద్దు. సీలింగ్ ఓనర్ది, గోడకు బిగించిన అల్మారాలూ ఓనర్వే. నీ పాలసీ నీ సామానుకే. అది వేస్తే మిగతా లిస్టు మీద కూడా అనుమానం వస్తుంది. బీరువాకు కార్పెంటర్‌కు పంపిన డబ్బు ఫోన్‌లో ఉంటుంది, వెతుకు. గృహప్రవేశమో, పుట్టినరోజో, బీరువా వెనక కనిపించే పాత ఫోటో ఉన్నా పనికొస్తుంది. చీరలవి నాలుగూ ఒకే గీతలో కాదు, రెండు శుభ్రం, రెండు నష్టం అని విడివిడిగా రాయి, ఎందుకు పనికిరావో షాపు వాడితో రాయించు.

కొర్లగుంట_కామన్‌మ్యాన్
టీవీకి ఇస్తారనే నమ్మకమా? షార్ట్ సర్క్యూట్ మాకు వర్తించదని అంటారు.

సర్వేబ్యాగు
ఇది మాత్రం మీరన్నది ఆలోచించాల్సిందే. షార్ట్ సర్క్యూట్ వల్ల ఆ వస్తువే పాడైతే దానికి ఇవ్వమని పాలసీలో ఒక మినహాయింపు ఉంది. నీళ్లు పడి లోపల పాడైందని సర్వీస్ సెంటర్ రాస్తే వాదించొచ్చు. తడిసిన టీవీ ఆన్ చేసి చూశావా తమ్ముడూ?

భవానీనగర్_బాడుగ
మా నాన్న ఆన్ చేశాడు సార్.

సర్వేబ్యాగు
సరే, దాచకుండా రాయి. ఎట్లా తేలుతుందో చూద్దాం.

పుత్తూరు_పిల్లోడు
పైఇంటి ఆయన దగ్గర వసూలు చేయొచ్చు కదా, ఈ లెటర్లన్నీ ఎందుకు?

భవానీనగర్_బాడుగ
ఆయన 10,000 ఇస్తానన్నాడు, "ఇకపై ఎలాంటి డిమాండ్ లేదు" అని రాసివ్వమన్నాడు. మంచాయన, సంతకం పెట్టేద్దామనుకుంటున్నా.

సర్వేబ్యాగు
పెట్టొద్దు! నీకు డబ్బిచ్చాక కంపెనీకి ఆయన మీద వసూలు చేసుకునే హక్కు వస్తుంది. నువ్వు వదిలేస్తూ రాసిస్తే ఆ హక్కు పోగొట్టావని నీ క్లెయిమే ఆపొచ్చు. డబ్బు తీసుకున్నా కంపెనీకి చెప్పాలి.

గృహిణి_చిత్తూరు
రేపు లిఫ్టులో ఎదురైతే ముఖం ఎలా చూపిస్తాడు ఆ పిల్లోడు? చట్టం ఒక్కటే చాలా, ఇరుగుపొరుగు అక్కర్లేదా?

సర్వేబ్యాగు
ఇరుగుపొరుగుకు 79,200 విలువ కడతారా మేడమ్? కాఫీకి పిలవండి, కాగితం మీద మాత్రం సంతకం వద్దు.

కొర్లగుంట_కామన్‌మ్యాన్
మేడమ్ చెప్పింది మనుషుల మాట. మీది ఆఫీసు మాట.

సర్వేబ్యాగు
ఆఫీసుకే కదా లెటర్ రాసేది!

భవానీనగర్_బాడుగ
సంతకం పెట్టలేదు. చూసిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఫారం ఇవ్వాలని పాలసీలో చూశా, నాలుగో రోజే ఇచ్చా. లెటర్ వెనక సాక్ష్యాల లిస్టు పెట్టా: 16 ఉదయం వీడియో, గ్రూపు స్క్రీన్‌షాట్, ప్లంబర్ లెటర్, పైపు ముక్క ఫోటో, అద్దె అగ్రిమెంటు, బిల్లులు, షాపు వాడి చీటీ. లిస్టులో ఒక్కో వస్తువు పక్కన ఏ నంబరు కాగితమో వేశా. సర్వేయర్ వచ్చి గంటసేపు చూశాడు. టీవీ దగ్గర ఏమీ మాట్లాడలేదు.

సర్వేబ్యాగు
నంబర్లు వేసి మంచి పని చేశావ్. ఒకవేళ కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయి, 30 రోజులు చూసి ఇలాంటి ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు పో. ఫీజు లేదు.

గృహిణి_చిత్తూరు
బాబూ, ఆ ప్లంబర్ నంబరు పంపు. మా బేసిన్ కింద నెల నుంచి చెమ్మగా ఉంది.

సర్వేబ్యాగు
అక్కా, ఇవాళే మార్పించండి. అది పగిలితే మీ కింద ఇంటివాళ్లు ఇక్కడికొచ్చి నన్నే అడుగుతారు.