అప్‌డేట్: పేపర్ వార్త యాంకర్ స్క్రిప్ట్ అయింది

నా ప్రశ్న: పేపర్ వార్తను బులెటిన్‌కు మారుస్తున్నాను. చదువుతుంటే యాంకర్‌కు ఊపిరి అందడం లేదు, రిపోర్టర్ స్టోరీకి ముందు యాంకర్ చెప్పే లింకూ అతకడం లేదు. ఏం చేయాలి?

చిన్న వాక్యాల్లో రాయమని మీరు చెప్పినట్టే 2024 సెప్టెంబరు ప్రకాశం బ్యారేజీ వరద వార్త తీసుకుని మళ్లీ రాశాను. పేపర్ వాక్యం ఇది: "ఎగువ నుంచి పోటెత్తిన వరదతో బ్యారేజీ మొత్తం 70 గేట్లు ఎత్తి 11.43 లక్షల క్యూసెక్కుల నీటిని దిగువకు వదిలిన అధికారులు లోతట్టు ప్రాంతాల ప్రజలను అప్రమత్తం చేశారు."

ఇప్పుడిలా అయింది: "కృష్ణమ్మ ఉగ్రరూపం దాల్చింది. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోతోంది."

క్రియ త్వరగా రావడంతో ఊపిరి సమస్య పోయింది. అంకెలను అక్షరాల్లో రాస్తే ప్రాంప్టర్ మీద తడబాటూ తగ్గింది. గేట్ల సంఖ్య, కచ్చితమైన అంకె గ్రాఫిక్ ప్లేట్‌కు పంపాను.

అసలు తప్పు లింకులో ఉంది. "గేట్లన్నీ ఎత్తేశారు" అని యాంకర్ ముగిస్తే, రిపోర్టర్ వాయిస్ ఓవర్ కూడా అదే మాటతో మొదలయ్యేది. వినేవాళ్లకు వార్త రెండుసార్లు వచ్చినట్టుండేది. అందుకే ఇప్పుడు ముందు రిపోర్టర్ ప్యాకేజీ మొదటి వాక్యం విని, తర్వాతే లింకు రాస్తున్నాను. అది సింగ్‌నగర్ వీధిలో పడవతో మొదలైతే, లింకు ఇలా: "సింగ్‌నగర్‌లో మాత్రం ముంచింది బుడమేరు. అక్కడి ఇళ్లలో పరిస్థితి చూద్దాం."

నిన్న మా సీనియర్ యాంకర్ దీన్ని ఒక్క దిద్దుబాటూ లేకుండా చదివారు.