‘పరీక్షించి ప్రతిగమనం చేశాం’: ఈ వాక్యం సరైనదేనా?

పెదజాలరిపేట
విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 60 మరబోట్ల వివరాలు సేకరించాను. ఒక్కో ట్రిప్పుకి డీజిల్ ఎంత ఖర్చవుతుందో రోజులు, ఇంజిన్ హెచ్‌పీ, బోటు పొడవు, ఐస్ గది ఉందా లేదా అన్నవాటితో అంచనా కట్టాను. తెలుగు సారాంశంలో ఇలా రాశాను: “చరాలు సామాన్య విభాజనంలో ఉన్నాయని పరీక్షించి ప్రతిగమనం చేశాం.” భాష సరిగా ఉందో లేదో చూసి చెప్పండి.

సీతమ్మధార
‘విభాజనంలో’ కంటే ‘విభాజనాన్ని అనుసరిస్తున్నాయని’ అంటే బాగుంటుంది. మిగతాదంతా బాగానే ఉంది.

గాజువాక మాస్టారు
వ్యాకరణం బాగానే ఉందమ్మా, అర్థమే తిరగబడింది. ‘పరీక్షించి’ అన్నారంటే ఆ పని ముందే అయిపోయిందని అర్థం. కానీ సామాన్యంగా ఉండాల్సింది చరాలు కాదు, అవశేషాలు. బోటు నిజంగా తాగిన డీజిల్‌లోంచి మోడల్ చెప్పిన డీజిల్‌ని తీసేస్తే మిగిలేవి అవి. మోడల్ వేయకముందు అవి ఎక్కడుంటాయి? మీ ఐస్ గదినే తీసుకోండి, దాని విలువ 0 లేదా 1. అది గంట ఆకారంలోకి ఎలా వస్తుంది? రాదు, రానక్కర్లేదు కూడా. డీజిల్ సంగతీ అంతే. ఒక్కరోజు బోట్లు, వారం రోజుల బోట్లు కలిసి ఉంటే దాని గ్రాఫుకి రెండు గూనులు రావచ్చు. రోజుల ప్రభావం తీసేశాక మిగిలింది చక్కగా ఉంటే చాలు.

మధురవాడ
అసలు 30 దాటితే సామాన్యత గురించి టెన్షన్ పడక్కర్లేదు కదండీ. సెంట్రల్ లిమిట్ సిద్ధాంతం ఉంది.

గాజువాక మాస్టారు
గుణకాల వరకు మీరన్నది చాలావరకు నిజమే. అయితే 30 అనేది గీత గీసినట్టు ఉండే హద్దు కాదు. ఒకట్రెండు బోట్లు మరీ దూరంగా ఉంటే 60 కూడా చాలకపోవచ్చు. పైగా ‘ఈ ఒక్క బోటుకి ఇంత నుంచి ఇంత డీజిల్ పడుతుంది’ అని ఆమె చెప్పదలిస్తే, ఆ హద్దులు అవశేషాల ఆకారం మీదే నిలబడతాయి. ఎన్ని బోట్లు చేర్చినా అది మారదు. అమ్మా, ముందు ఇది నడపండి:

```
m <- lm(diesel ~ days + hp + length + ice, data = boats)
plot(m, which = 1:2)
car::vif(m)
```

పెదజాలరిపేట
చూశాను మాస్టారూ. మొదటి గ్రాఫులో అవశేషాలు రెండు చివర్లా సున్నాకి పైన, మధ్యలో కింద ఉన్నాయి. రెండో దాంట్లో పైకొస చుక్కలు గీత వదిలి పైకి పోయాయి. షాపిరో పరీక్షలో p విలువ 0.01.

గాజువాక మాస్టారు
షాపిరోని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మొదటి గ్రాఫులో కనిపించేది వంపు. ఎక్కువ రోజులుండే బోట్లు ఇంకా దూరం పోతాయి కాబట్టి ఖర్చు సరళరేఖలో పెరగడం లేదు. రోజుల వర్గాన్ని చేర్చండి, లేదా డీజిల్‌కి లాగ్ తీసుకోండి. ఆ తర్వాత రెండు గ్రాఫులూ మళ్లీ చూడండి. వంపు సరిచేస్తే కొస కూడా చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. అందుకే సరళత ముందు, సామాన్యత తర్వాత.

పెదజాలరిపేట
లాగ్‌తో వంపు పోయింది, చుక్కలూ గీత మీదికి వచ్చాయి. కానీ హెచ్‌పీకి వీఐఎఫ్ 8.3 వచ్చింది.

సీతమ్మధార
నాకూ ఇలాగే ఒకదానికి 12 వచ్చింది. ఆ చరాన్ని తీసేశాను, పట్టిక శుభ్రపడింది. మీరూ పొడవు తీసేయండి.

గాజువాక మాస్టారు
పట్టిక శుభ్రపడుతుంది గానీ అర్థం మారిపోతుందండీ. 8.3 అంటే హెచ్‌పీలోని తేడాల్లో 88 శాతం మిగతా చరాలే చెప్పేస్తున్నాయని. 1ని 0.12తో భాగించి చూడండి. దాంతో హెచ్‌పీ గుణకం ప్రామాణిక దోషం దాదాపు మూడు రెట్లయింది. ఇప్పుడు పొడవు తీసేస్తే దాని వాటా కూడా హెచ్‌పీ ఖాతాలో పడుతుంది. డీజిల్ అంచనా ఒక్కటే కావాలంటే రెండూ ఉంచేయండి, నష్టం లేదు.

పెదజాలరిపేట
మా గైడ్‌కి హెచ్‌పీ ప్రభావం విడిగా కావాలి.

గాజువాక మాస్టారు
అది ఈ 60 బోట్లు చెప్పలేవు. ఒకే పొడవుండి వేర్వేరు ఇంజిన్లున్న బోట్లు ఇంకొన్ని కావాలి. హార్బర్‌లో దొరుకుతాయా లేదా అన్నది మీకే తెలియాలి.

మధురవాడ
రిడ్జ్ వాడితే సరిపోదా?

గాజువాక మాస్టారు
అంచనా కుదురుగా వస్తుంది. కానీ గుణకాలను కావాలనే సున్నా వైపు లాగుతుంది కాబట్టి గైడ్ గారి ప్రశ్నకి అది జవాబు కాదు.

పెదజాలరిపేట
వాక్యం ఇలా మార్చాను: “డీజిల్‌కి లాగ్ తీసుకుని ప్రతిగమనం చేసిన తర్వాత అవశేషాల్లో వంపు లేదని, అవి సామాన్య విభాజనానికి దగ్గరగా ఉన్నాయని గ్రాఫుల్లో చూశాం. హెచ్‌పీ, పొడవు కలిసి మారుతున్నందున వాటి ప్రభావాలను విడదీసి చెప్పడం లేదు.”

సీతమ్మధార
‘అవశేషాలు’ అంటే తవ్వకాల్లో దొరికినవి గుర్తొస్తాయి. ‘శేషాలు’ అనకూడదా?

గాజువాక మాస్టారు
‘శేషం’ అంటే భాగహారంలో మిగిలేది అనుకుంటారేమోనని నా సందేహం. మిగతావాళ్లు ఏమంటారు?

మధురవాడ
నా ఓటు ‘శేషాలు’కే. రెండో వాక్యాన్ని మాత్రం గైడ్ కొట్టేయమన్నా కొట్టేయకండి.